తప్పు జవాబును పిల్లలే పట్టుకునే లెక్క

బెల్లంపల్లిలోనూ, చుట్టూ ఉన్న నెన్నెల, వేమనపల్లి, భీమిని, తాండూర్ మండలాల బడుల్లోనూ ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు ఇచ్చే గణితం వర్క్‌షీట్ల గురించి ఈ పూట మీతో మాట్లాడతాను. అందులోనూ పుస్తకాల్లో పద సమస్యలు అని రాసే మాటల లెక్కల గురించి. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. పుస్తకం వరకు ఆ ఏర్పాటు ఉంది గానీ, అభ్యాసం కోసం టీచర్లు విడిగా తెచ్చుకునే షీట్లు చాలావరకు ఇంగ్లిష్‌లోనే దొరుకుతాయి. వాటిని తెలుగులోకి మార్చే పని టీచర్ల మీదనే పడుతుంది.

మామూలుగా ఆ మార్పు ఎట్లా జరుగుతుందో చూడండి. షీట్‌లో మేరీ అనే అమ్మాయి, జాన్ అనే అబ్బాయి ఉంటారు. వాళ్ల దగ్గర స్టిక్కర్లు ఉంటాయి. మేరీని రాణి చేస్తాం, జాన్‌ను రవి చేస్తాం, స్టిక్కర్లను చింతగింజలు చేస్తాం. వాక్యం మాత్రం ఇట్లా తయారవుతుంది: "రాణి 15 చింతగింజలు కలిగి ఉంది. ఆమె రవి కంటే 6 చింతగింజలు ఎక్కువ కలిగి ఉంది. అయితే రవి ఎన్ని చింతగింజలు కలిగి ఉన్నాడు?" పేర్లు మనవే, గింజలు మన చెట్టువే, అక్షరాలు తెలుగువే. కానీ చింతగింజలు "కలిగి ఉన్న" పిల్లను మన వాడల్లో ఎవరూ చూడలేదు. పిల్లలు ఈ లెక్కకు రాసే జవాబు 21. "ఎక్కువ" అన్న మాట కనబడగానే కూడిక గుర్తు పెట్టేస్తారు. రావలసిన జవాబు 9.

ఈ లెక్కను విప్పి మళ్లీ కట్టే పని కొంచెంసేపట్లో చేద్దాం. దానికి ముందు, తెలిసిన సందర్భం లెక్కలో ఎందుకు ఉండాలో తేల్చుకోవాలి.

పిల్లలకు సరదాగా ఉంటుందని, ఇష్టం పుడుతుందని చాలామంది అంటారు. నాకు కనబడే కారణం వేరే. సందర్భం తెలిసినదైతే, తప్పు జవాబు వచ్చినప్పుడు అది తప్పని పిల్లకే తెలిసిపోతుంది, ఎర్ర పెన్నుతో టీచర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. బొగ్గు బావుల ఊళ్లలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. కాలం లెక్కల్లో ఒక ప్రశ్న వేస్తాం: "నైట్ షిఫ్ట్ రాత్రి 11 గంటలకు మొదలై తెల్లారి 7 గంటలకు అయిపోతుంది. షిఫ్ట్ ఎన్ని గంటలు?" నాలుగో తరగతి పిల్లలు 11 లోంచి 7 తీసేసి 4 అని రాస్తారు. రెండు సంఖ్యలు కనబడితే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడం అలవాటు. అప్పుడు టీచర్ తప్పు అనకుండా, "నాలుగు గంటలకే దిగిపోతరా డ్యూటీ?" అని అడిగితే చాలు. ఏ కార్మికవాడ పిల్లైనా తల అడ్డంగా ఊపుతుంది. షిఫ్ట్ అంటే ఎనిమిది గంటలని ఇంట్లో ముగ్గురు నలుగురి నోట విని ఉంటుంది. ఇక తనే మళ్లీ మొదలుపెడుతుంది. 11 నుంచి 12 దాకా ఒక గంట, 12 నుంచి 7 దాకా ఏడు గంటలు. అర్ధరాత్రి దగ్గర ఆగి రెండు ముక్కలు చేసుకోవాలన్న పద్ధతి ఆమెకు అప్పుడు పట్టుబడుతుంది. ఇదే ప్రశ్నను విమానం ఫలానా ఊళ్లో బయలుదేరి ఫలానా ఊళ్లో దిగిందని అడిగితే, నాలుగు గంటల జవాబును అనుమానించడానికి ఆ పిల్ల దగ్గర ఆధారం ఏమీ ఉండదు.

ఈ పని జరగాలంటే షీట్‌లోని సంఖ్యలు నిజమైనవి కావాలి. మనం ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. రెండో తరగతి పిల్లలకు వంద లోపు సంఖ్యలే వచ్చు కాబట్టి చీర 40 రూపాయలు, చెప్పులు 12 రూపాయలు అని రాసేస్తాం. పిల్ల రోజూ దుకాణానికి పోయి వస్తుంది. చెప్పులు 12 రూపాయలకు రావని తెలుసు. లెక్కల పీరియడ్‌లో మాత్రం తెలిసినదాన్ని పక్కన పెట్టాలని క్రమంగా నేర్చుకుంటుంది. ఈ అలవాటు ఎంత దూరం పోతుందో 1979లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చూశారు. ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసెంత అని చిన్న తరగతుల పిల్లలు 97 మందిని అడిగారు. 76 మంది ఆ సంఖ్యలతో ఏదో ఒక లెక్క చేసి వయసు చెప్పేశారు. వాళ్లు తెలివితక్కువ పిల్లలు కారు. లెక్కల్లో అర్థం వెతకనక్కర్లేదని బడి వాళ్లకు నేర్పింది.

అందుకని చిన్న తరగతులకు డబ్బు లెక్కలు ఇచ్చేటప్పుడు, నిజంగానే చిన్న ధర ఉన్న వస్తువులను ఎంచుకోవాలి. ఐదు రూపాయల బిస్కెట్ పుడ, పది రూపాయల కొత్తిమీర కట్ట, రూపాయి చాక్లెట్. అవి చాలకపోతే డబ్బు వదిలేసి వస్తువులనే లెక్కపెట్టించాలి. మధ్యాహ్న భోజనం గుడ్లు ఉన్నాయి కదా. ఒక ట్రేలో 30 గుడ్లు పడతాయని, వంటచేసే అమ్మ వెనకాల నిలబడే ప్రతి పిల్లకూ తెలుసు. "బడికి ఈరోజు 68 మంది వచ్చారు. తలా ఒక గుడ్డు పెట్టాలి. ఎన్ని ట్రేలు విప్పాలి? ఎన్ని గుడ్లు మిగులుతాయి?" రెండు ట్రేలు విప్పితే 60, ఎనిమిది తక్కువ పడతాయి. మూడో ట్రే విప్పాలి, 22 మిగులుతాయి. బియ్యం కూడా అంతే. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాములని ప్రభుత్వ లెక్క. 68 మందికి 6,800 గ్రాములు, అంటే 6 కిలోల 800 గ్రాములు. గ్రాములను కిలోల్లోకి మార్చే పాఠానికి ఇంతకన్నా మంచి సరుకు నాకు దొరకలేదు. సంఖ్య నిజం, రోజూ మారుతుంది, ఆ అన్నం పిల్లల పళ్లెంలోకే వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. తెలిసిన సందర్భం అంటే ఎవరికి తెలిసినది? బెల్లంపల్లి అనగానే టీచర్లకు బొగ్గు టబ్బులు, టోపీ దీపాలు గుర్తొస్తాయి. "ఒక టబ్బులో ఇన్ని కిలోల బొగ్గు" అని రాయాలనిపిస్తుంది. మన ఊళ్లో పాత గనులు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు మూడో తరగతి చదివే పిల్ల టబ్బును కంటితో చూసి ఉండదు. అది తాత చెప్పే కథ. అట్లాంటి లెక్కలో ఊరి అభిమానం ఉంటుందే గానీ, పిల్లకు ఊతం ఉండదు. టబ్బులో 50 కిలోలు పడతాయన్నా నమ్ముతుంది, 50 టన్నులన్నా నమ్ముతుంది.

అట్లాగే పట్నం పిల్లకు తెలిసినది అడవి పక్క ఊరి పిల్లకు తెలియదు, అటుది ఇటు తెలియదు. వేమనపల్లి వైపు ఎండకాలంలో ఇంటిల్లిపాదీ తునికాకు ఏరి కట్టలు కడతారు. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్. అక్కడి రెండో తరగతి పిల్ల యాభైల వరుసను ఆడుతూ పాడుతూ చెప్పేస్తుంది. రెండు కట్టలు వంద, నాలుగు కట్టలు రెండువందలు. ఏడు కట్టలంటే మూడువందల యాభై. అదే లెక్క స్టేషన్ రోడ్డు పిల్లకిస్తే ముందు తునికాకు అంటే ఏమిటో చెప్పాలి, లెక్క వెనకబడిపోతుంది. కాబట్టి సంఖ్యలు మార్చకుండా కథ ఒక్కటే మార్చి రెండు షీట్లు చేసుకోవడం మంచిది. ఒకదాంట్లో 50 ఆకుల కట్టలు ఏడు, రెండోదాంట్లో 50 రూపాయల నోట్లు ఏడు. రెండు బడుల పిల్లలూ చేసేది ఒకటే గుణకారం, టీచర్లు జవాబులు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇట్లా కథ మార్చే పని తెలుగులో కొత్తది కాదు. తెలుగులో మొదటి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తీసుకుని తెలుగు పద్యాల్లో పెట్టాడు. మహావీరాచార్యుడు జైనుడు, తొమ్మిదో శతాబ్దపు రాష్ట్రకూటుల కాలం వాడు. మల్లన శైవుడు. మూలంలో జైన సందర్భాలు ఉన్నచోట శైవ సందర్భాలు పెట్టుకున్నాడు. లెక్క నడిచే దారిని అట్లాగే ఉంచి, అది నడిచే ఊరిని మార్చాడు.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వద్దాం. తెలుగు వాక్యానికి ఒక గుణం ఉంది. ఎన్ని పనులనైనా ఒకదానికి ఒకటి అతికించి, చివర ఒక్క క్రియతో ముగించవచ్చు. పెద్దవాళ్లు చదువుకోవడానికి అది సొగసు, లెక్కలో పిల్లలకు అదే ఉరి. చూడండి: "రాములు కొన్న 20 మామిడిపండ్లలో 3 కుళ్లిపోగా మిగిలినవాటిని ఒక్కొక్కటి 10 రూపాయల చొప్పున అమ్మగా అతనికి వచ్చిన సొమ్ము ఎంత?" ఇందులో తప్పు తెలుగు ఏమీ లేదు. కానీ మూడో తరగతి పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతూ "సొమ్ము" దాకా వచ్చేసరికి, 20 ఎవరివో మర్చిపోతుంది. దాన్ని ఇట్లా విడగొట్టాలి: "రాములు 20 మామిడిపండ్లు కొన్నాడు. అందులో 3 కుళ్లిపోయాయి. మిగిలినవి అమ్మాడు. ఒక్కో పండు 10 రూపాయలు. రాములుకు ఎన్ని రూపాయలు వచ్చాయి?" ఒక వాక్యానికి ఒక సంగతి. జరిగిన వరుసలోనే వాక్యాల వరుస. అడిగేది ఒక్కటే, అదీ చివర. 20 లోంచి 3 పోతే 17, పదిహేడు పదులు 170. లెక్క కష్టం అంతే ఉంది, చదవడంలో కష్టం మాత్రం పోయింది.

అయితే "చొప్పున" అనే మాటను శాశ్వతంగా తీసేయకూడదు. పాఠ్యపుస్తకంలో ఉంటుంది, పరీక్షలో ఉంటుంది. మొదటి రెండు షీట్లలో "ఒక్కో పండు 10 రూపాయలు" అని రాసి, మూడోదాంట్లో "ఒక్కో పండు 10 రూపాయల చొప్పున" అని చేర్చాలి. నాలుగో షీట్‌కు "పండు 10 రూపాయల చొప్పున" అంటే పిల్ల తడబడదు. సరుకుల పేర్ల దగ్గర మాత్రం నేను మొండిగానే ఉంటాను. మన అంగట్ల దొరికేది ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, పల్లికాయ. షీట్‌లో బంగాళాదుంప అని రాస్తే పిల్ల అదేదో వేరే దుంప అనుకుంటుంది. ఆ పేరు తెలుగు పాఠంలో నేర్చుకుంటుంది లెండి, లెక్కల పీరియడ్‌లో దానికోసం ఆగొద్దు.

ఇక రాణి, రవిల చింతగింజలు. పోలిక లెక్కల్లో అసలు కష్టం భాషది మాత్రమే కాదు. తెలుగు ఎంత బాగా రాసినా, "రాణి దగ్గర 15 చింతగింజలు ఉన్నాయి. రవి కంటే రాణి దగ్గర 6 ఎక్కువ ఉన్నాయి. రవి దగ్గర ఎన్ని?" అంటే కొందరు 21 అనే రాస్తారు. ఎందుకంటే వాక్యం "ఎక్కువ" అంటుంది, చేయవలసింది తీసివేత. మాట ఒకవైపు, పని ఇంకోవైపు. ఈ రకం లెక్కలో ఇంగ్లిష్ పిల్లలూ ఇట్లాగే పడతారు. దీన్ని "రవి దగ్గర రాణి కంటే 6 తక్కువ" అని తిప్పి రాసేస్తే అందరికీ 9 వస్తుంది. కానీ అప్పుడు నేర్పవలసినదాన్నే లెక్కలోంచి తీసి పారేసినట్టు. మార్చేవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడ. ఏ కష్టం భాష వల్ల వచ్చిందో దాన్ని తీసేయాలి, ఏ కష్టం గణితానిదో దాన్ని ఉంచాలి.

ఉంచుతూనే మెట్లు కట్టాలి. మొదటి మెట్టులో సంఖ్యలు చిన్నవి, గింజలు నిజమైనవి. రాణికి ఏడు, రవికి నాలుగు గింజలిచ్చి, కింద నేల మీద రెండు వరుసలుగా ఒకదాని కింద ఒకటి పేర్చమనాలి. ఏడింటి వరుసలో జత దొరకని మూడు గింజలు పక్కకు పొడుచుకొస్తాయి. ఆ మూడింటినే "ఎక్కువ" అంటున్నామని చూపించాలి. "ఎక్కువ" అంటే కూడిక గుర్తు అనే భ్రమ అక్కడే విరుగుతుంది. రెండో మెట్టులో షీట్ మీద రెండు ఖాళీ వరుసలు గీసి ఇవ్వాలి, పిల్ల గింజలకు బదులు చుక్కలు పెడుతుంది. మూడో మెట్టులో బొమ్మ ఉండదు, కానీ ప్రశ్నకు ముందు ఒక చిన్న ఖాళీ ఉంటుంది: "ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి?" పిల్ల రాణి అని రాయాలి. రాణి అని రాసిన చెయ్యి ఆ వెంటనే రవికి 21 రాయడానికి వెనకాడుతుంది. రాణికే 15 కదా, రవికి అంతకంటే ఎక్కువ ఎట్లా వస్తాయి? ఆ ఖాళీ ఒక్కటి చేసే పని, పక్కన నిలబడి పదిసార్లు చెప్పినా జరగదు. నాలుగో మెట్టులో ఆ ఖాళీని కూడా తీసేస్తాం.

భాగహారంలో శేషం మిగిలే లెక్కలు తెలిసిన సందర్భానికి అసలైన పరీక్ష. మందమర్రి దగ్గరి గాంధారి ఖిల్లాకు పిల్లలను తీసుకుపోతున్నామని అనుకోండి. 43 మంది పిల్లలు. ఒక వ్యాన్‌లో 12 మంది పడతారు. 43ను 12తో భాగిస్తే మూడు, శేషం ఏడు. చాలా షీట్లు ఇక్కడే ఆగిపోయి, "భాగఫలం 3, శేషం 7" అని రాసినవాళ్లకు పూర్తి మార్కులిస్తాయి. ఎన్ని వ్యాన్లు కావాలన్నది కదా ప్రశ్న? మూడు వ్యాన్లు పెడితే ఏడుగురు బడి గేటు దగ్గర ఏడుస్తూ నిలబడతారు. నాలుగు కావాలి. అదే భాగహారంతో ఇంకో ప్రశ్న: "నా దగ్గర 43 రూపాయలున్నాయి. ఒక పెన్ను 12 రూపాయలు. ఎన్ని పెన్నులు వస్తాయి?" ఇక్కడ జవాబు మూడే, ఏడు రూపాయలకు దుకాణాయన ముక్క పెన్ను ఇవ్వడు. మూడో ప్రశ్న: "మొదటి మూడు వ్యాన్లూ నిండాయి. చివరి వ్యాన్‌లో ఎంతమంది?" ఈసారి జవాబు శేషమే, ఏడు. ఒకే భాగహారానికి మూడు జవాబులు. ఈ మూడింటినీ ఒకే షీట్ మీద పక్కపక్కన ఇవ్వాలి. విడివిడి షీట్ల మీద ఇస్తే పిల్ల ఈరోజు పాఠం ఒకటి కలపడమేమో అని పట్టేసి, అన్నింటికీ ఒకటి కలిపేస్తుంది. పక్కపక్కన ఉంటే కథను చదవక తప్పదు.

అంగడి లెక్కలు రాస్తే చాలు, పిల్లలకు గణితం వచ్చేస్తుందని కూడా అనుకోవద్దు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు కలకత్తా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. 800 గ్రాముల ఆలుగడ్డకు, కిలో నాలుగువందల గ్రాముల ఉల్లిగడ్డకు కలిపి ఎంతో నోటితో చెప్పే పిల్లలు, అంతకన్నా తేలికైన బడి లెక్కను కాగితం మీద ఇస్తే చేయలేకపోయారు. బడికి పోయే పిల్లలు కాగితం మీద చేసి, మార్కెట్లో తడబడ్డారు. రెండు తెలివులూ తమంతట తాము కలవవు. కలిపే వంతెనను షీటే కట్టాలి.

అందుకు నాకు తెలిసిన మంచి మార్గం ఏమంటే, పిల్ల నోటి లెక్కను అదే షీట్ మీద అంకెల్లో రాయించడం. వంకాయ కిలో 40 రూపాయలైతే ముప్పావు కిలో ఎంత? నాలుగో తరగతి పిల్ల ఆలోచించి "అర్ధ కిలోకు ఇరవై, పావుకు పది, ముప్పై రూపాయలు సార్" అంటుంది. అంతటితో వదిలేస్తే అది అంగట్లోనే ఉండిపోతుంది. షీట్‌లో తర్వాతి గీత మీద "నువ్వు చేసింది రాయి" అని ఉండాలి. పిల్ల 20 + 10 = 30 అని రాస్తుంది. దాని కింద, టీచర్ చెప్పగా, 40 ÷ 4 = 10, 10 × 3 = 30 అని రాస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి చేరాయని చూశాక, ముప్పావును మూడు బై నాలుగుగా రాయడం తనకు పరాయిగా అనిపించదు. మన పిల్లలు భిన్నాలను పిజ్జా బొమ్మతో నేర్చుకోవలసిన పని లేదు. సగం, పావు, ముప్పావు బడికి రాకముందే వాళ్ల నోట్లో ఉన్నాయి. తూకం రాళ్లు నాలుగు తెచ్చి బల్ల మీద పెడితే ఇంకో మంచి ప్రశ్న పుడుతుంది. రాళ్లు 500, 200, 100, 50 గ్రాములవి ఉంటాయి. పావు కిలో రాయి అంటూ ఒకటి ఉండదు. మరి పావు కిలో ఎట్లా తూచాలి? 200, 50 కలిపి. ముప్పావు కిలోకు? 500, 200, 50. ఇప్పుడు కరెంటు కాంటాలొచ్చి రాళ్లు తగ్గిపోతున్నాయి కాబట్టి, ఒక్క సెట్టు బడిలో దాచిపెట్టుకోవడం మంచిది.

ఇంత కష్టపడి మార్చిన షీట్ పనిచేస్తుందో లేదో ఎట్లా తెలియాలి? మార్కులు చూస్తే తెలియదు. 1977లో ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ అనే పరిశోధకురాలు, తప్పు చేసిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వరుసగా ఐదు ప్రశ్నలు అడిగే పద్ధతి పెట్టింది. మన పిల్లలతో అవి ఇట్లా ఉంటాయి: "లెక్క చదువు బిడ్డా. ఏం అడుగుతున్నరు? ఎట్ల చేద్దామనుకుంటున్నవ్? చేసి చూపెట్టు. ఇప్పుడు జవాబు మాటల్లో చెప్పు." ఎక్కడ ఆగిందో అక్కడే జబ్బు ఉంది. ఆమె పరిశీలనలో దాదాపు సగం తప్పులు కూడిక, తీసివేతలు మొదలుపెట్టక ముందే, చదవడంలోనో అర్థం చేసుకోవడంలోనో ఏ లెక్క చేయాలో తేల్చుకోవడంలోనో జరిగాయి. మొదటి ప్రశ్న దగ్గరే పిల్ల ఆగితే షీట్ వాక్యాలు మార్చాలి. రెండో ప్రశ్న దగ్గర ఆగితే కథ మార్చాలి. మూడో దగ్గర ఆగితే చింతగింజలు మళ్లీ నేల మీదికి రావాలి. నాలుగో దగ్గర ఆగితే ఎక్కాలు, అప్పు తీసుకోవడం నేర్పాలి, షీట్ తప్పేమీ లేదు. ఐదో దగ్గర, అంటే భాగఫలం 3 అని రాసి వ్యాన్లెన్నో చెప్పలేకపోతే, శేషం లెక్కలు మళ్లీ ఇవ్వాలి. తరగతిలో అందరినీ ఇట్లా అడగలేం. తప్పు చేసిన నలుగురైదుగురిని అడిగితే చాలు, షీట్‌లో ఎక్కడ దెబ్బ ఉందో బయటపడుతుంది.

ఇంట్లో గోండి మాట్లాడే పిల్లలు, ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. వాళ్లకు మన తెలుగు షీట్ కూడా రెండో భాషే. వాళ్లకు లెక్కను టీచర్ పైకి చదివి వినిపించి, కథను పిల్లల చేత నటింపజేసి, ఆ తర్వాతనే కాగితం ఇవ్వాలి. సాధ్యమైన చోట ఆ భాష తెలిసిన పెద్ద పిల్లను పక్కన కూర్చోబెట్టాలి.

కథలు ఎంచుకునేటప్పుడు ఒక హద్దు కూడా పెట్టుకోవాలి. "మీ నాన్న జీతం ఎంత, అందులో ఇంత ఖర్చైతే" అన్న లెక్కలు వద్దు. ఒకే బెంచీ మీద పర్మినెంట్ కార్మికుడి బిడ్డ, కాంట్రాక్ట్ కార్మికుడి బిడ్డ, నాన్న లేని బిడ్డ కూర్చుంటారు. షీట్‌లో ఎవరో ఒక రాములు, ఎవరో ఒక లక్ష్మి ఉంటే చాలు.

అయితే పిల్లలు తమంతట తాము తమ ఇంటి లెక్క రాస్తే ఆపవద్దు. షీట్ చివర ఎప్పుడూ ఒక వట్టి లెక్క ఇచ్చి, దానికి కథ రాయమనాలి. 26 - 19 అని ఇచ్చామనుకోండి. ఎక్కువమంది "నా దగ్గర 26 గోటీలున్నయి, 19 పోయినయి" అని రాస్తారు. అది సరైనదే. కొందరు "26 గోటీలున్నయి, ఇంకో 19 కొన్న" అని రాసి, గుర్తు మాత్రం తీసివేతదే పెడతారు. వాళ్లకు తీసివేత ఒక గుర్తుగానే తెలుసు, ఏం జరిగితే తీసివేయాలో తెలియదని అక్కడ తేలిపోతుంది. ఎప్పుడో ఒక పిల్ల ఇట్లా రాస్తుంది: "మా నాయినకు ఈ నెల 26 మస్టర్లు కావాలె. ఇప్పటికి 19 పడ్డయ్. ఇంక ఎన్ని పడాలె?" ఇందులో పోయినది, పారేసుకున్నది ఏమీ లేదు. లేనిదాన్ని 19 నుంచి 26 దాకా ముందుకు లెక్కపెట్టి వెతకాలి. తీసివేతలో అన్నింటికంటే ఆలస్యంగా పట్టుబడే రకం అది. షీట్‌లో ఆ రకం లెక్క అప్పటికి ఒక్కటీ లేకపోతే, మరుసటి వారం షీట్‌కు మొదటి ప్రశ్నగా, నాయిన మాట తీసేసి రాములు పేరు పెట్టి, దాన్నే వేయండి.